బాండుకు ఏ రేటు?

ఒక కంపెనీ బాండు ముఖ విలువ 1,000 రూపాయలు. దాని మీద ఏటా 9 శాతం వడ్డీ, సంవత్సరం చివర చెల్లిస్తారు. అసలు తిరిగి రావడానికి ఇంకా మూడేళ్లుంది. రిస్క్ లేని పెట్టుబడి మీద రాబడి 7 శాతం, మార్కెట్ మొత్తం మీద ఆశించే రాబడి 12 శాతం. కంపెనీ షేరు బీటా 1.2, బాండు బీటా 0.2. ఇవాళ ఆ బాండు విలువ ఎంత?

ఎ) రూ. 905.55
బి) రూ. 989.95
సి) రూ. 1,025.77
డి) రూ. 1,052.49

కార్పొరేట్ ఫైనాన్స్ చదివేవాళ్లకు ఈ నమూనా ప్రశ్న కొత్తేమీ కాదు. బాండు విలువ కట్టడం ఒక పాఠం, క్యాప్‌ఎమ్ అని పిలుచుకునే క్యాపిటల్ అసెట్ ప్రైసింగ్ మోడల్ మరో పాఠం. ఆ రెండింటినీ ఒకే ప్రశ్నలో ముడివేశారు. ఇందులో గమనించాల్సింది తప్పు జవాబుల సంగతి. ఆ మూడూ నోటికొచ్చిన అంకెలు కావు. ఒక్కొక్కటీ ఒక్కో పొరపాటు ఆలోచనతో, లెక్క మాత్రం తప్పకుండా చేస్తే వచ్చే ఫలితం. అందుకే క్యాలిక్యులేటర్ మీద వచ్చిన అంకె ఆప్షన్లలో కనిపించినంత మాత్రాన జవాబు సరైనదని ధీమా పడటానికి లేదు.

ముందు బాండు సంగతి చూద్దాం. దాన్ని కొన్నవారికి మొదటి ఏడాది చివర 90 రూపాయలు, రెండో ఏడాది చివర 90, మూడో ఏడాది చివర 90 రూపాయల వడ్డీతో పాటు 1,000 రూపాయల అసలు వస్తాయి. ఈ మొత్తాలు కాగితం మీద ముందే రాసి ఉంటాయి. తేల్చాల్సిందల్లా, రేపు వచ్చే ఆ డబ్బుకు ఇవాళ ఎంత ఇవ్వవచ్చన్నది. ఏడాదికి 8 శాతం రాబడి కావాలనుకునే మనిషి, ఏడాది తర్వాత వచ్చే 90 రూపాయలకు ఇవాళ 83.33 రూపాయల కంటే ఎక్కువ ఇవ్వడు. ఎందుకంటే ఆ 83.33 రూపాయలు 8 శాతం మీద ఏడాదికి 90 అవుతాయి. ఇలా ఒక్కో మొత్తాన్నీ వెనక్కి లెక్కగట్టి కూడితే బాండు విలువ వస్తుంది. ఇందులో ఆలోచన అవసరమయ్యేది ఒక్కచోటే: ఆ 8 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

క్యాప్‌ఎమ్ పని అక్కడ మొదలవుతుంది. పెట్టుబడిని ఒకేచోట పెట్టకుండా విస్తరించడం గురించి 1952లో హ్యారీ మార్కోవిట్జ్ వేసిన పునాది మీద, 1964లో విలియం షార్ప్ ఈ నమూనాను ప్రచురించారు. దాదాపు అదే కాలంలో జాన్ లింట్నర్, యాన్ మోసిన్ వేర్వేరు దారుల్లో ఇదే ఫలితానికి చేరుకున్నారు. 1990లో షార్ప్, మార్కోవిట్జ్, మెర్టన్ మిల్లర్ కలిసి ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు. నమూనా చెప్పేది క్లుప్తంగా ఇది: అనేక పెట్టుబడులను కలిపి ఉంచుకుంటే ఒక్కొక్కదాని సొంత ఒడిదొడుకులు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అలా తొలగించుకోగలిగిన రిస్క్‌కు మార్కెట్ ప్రతిఫలం ఇవ్వదు. మార్కెట్‌తో పాటు ఊగే రిస్క్‌కే ఇస్తుంది. ఆ ఊగుడుకు కొలత బీటా. మార్కెట్ 10 శాతం పడినప్పుడు సగటున 12 శాతం పడే షేరుకు బీటా 1.2. అదే మార్కెట్ పతనంలో సగటున 2 శాతమే కదిలే బాండుకు 0.2.

సూత్రం ఇదీ:

r = Rf + β × (Rm − Rf)

బాండు విషయంలో 7 + 0.2 × (12 − 7), అంటే 8 శాతం. ఈ రేటుతో మూడు మొత్తాలనూ వెనక్కి లెక్కగడితే 83.33, 77.16, 865.28 వస్తాయి. కూడితే 1,025.77. జవాబు సి.

ఇప్పుడు మిగతావాటి సంగతి. షేరు బీటా 1.2 తీసుకుంటే రేటు 13 శాతమవుతుంది, ఎ జవాబు వస్తుంది. మార్కెట్ రాబడిలోంచి 7 తీసేయడం మరిచి, బీటాను నేరుగా 12తో గుణిస్తే రేటు 9.4 శాతమై బి వస్తుంది. బీటాను పట్టించుకోకుండా 7 శాతంతోనే లెక్క కడితే డి వస్తుంది.

వీటిలో లోతైన పొరపాటు మొదటిది. బీటా అంటే షేరు బీటాయే అని చాలామందికి అలవాటైపోయింది, ఎందుకంటే పాఠాల్లో క్యాప్‌ఎమ్ ఎప్పుడూ వాటాదారుల రాబడి లెక్కలోనే కనిపిస్తుంది. ఒకే కంపెనీ కాబట్టి ఒకే రేటు అనిపించడమూ సహజమే. కానీ బాండు కొన్నవాడు, షేరు కొన్నవాడు ఒకే కంపెనీలో డబ్బు పెట్టినా వేర్వేరు వరుసల్లో నిలబడ్డారు. కంపెనీ లాభం తగ్గినా బాండు మీద 90 రూపాయలు ఇవ్వాల్సిందే. వాటాదారుకు మిగిలితేనే. కంపెనీ మూతబడి ఆస్తులు అమ్మాల్సివస్తే, మన దేశంలో 2016 నాటి దివాలా చట్టం 53వ సెక్షన్ ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్న వరుస నిర్దేశిస్తుంది. హామీ ఉన్న అప్పులిచ్చినవారు పై వరుసల్లో ఉంటారు, మామూలు వాటాదారులు అట్టడుగున. మార్కెట్ కుదుపు మొదట వాటాదారుకు తగులుతుంది, బాండుదారు దాకా వచ్చేసరికి చాలావరకు నీరసిస్తుంది. 1.2కూ 0.2కూ తేడా అక్కడిది. 13 శాతం పనికిరాని అంకేమీ కాదు. అది వాటాదారులు కోరే రాబడి, వాటా మూలధనం ఖర్చు లెక్కించేటప్పుడు వాడాలి. దాన్ని బాండు మీద ప్రయోగిస్తే చివరి వరుసలోని మనిషి భయాన్ని ముందు వరుసలోని మనిషికి అంటగట్టినట్టే. బాండు విలువ దాదాపు 120 రూపాయలు తరిగిపోవడం దాని ఫలితం.

పరీక్షలో ఇంత లెక్క చేయకుండానే జవాబును పట్టుకోవచ్చు. కావాల్సిన రాబడి కూపన్ రేటు కంటే తక్కువైతే బాండు ముఖ విలువ కంటే ఎక్కువ పలుకుతుంది, ఎక్కువైతే తక్కువ. ఇక్కడ 8 శాతం 9 కంటే తక్కువ కనుక జవాబు 1,000 దాటాలి. ఎ, బి తొలగిపోయాయి. బీటా సున్నా కంటే ఎక్కువ కనుక రేటు 7 శాతాన్ని దాటుతుంది. అంటే విలువ, 7 శాతంతో వచ్చే 1,052.49 కంటే తక్కువగా ఉండాలి. మిగిలింది సి ఒక్కటే. ప్రశ్న తయారుచేసేవారు గడుసువారైతే రూ. 1,026.21 అనే అయిదో అంకెను పక్కన పెడతారు. అది వడ్డీ ఆరు నెలలకోసారి 45 రూపాయల చొప్పున వస్తుందని, అర్ధసంవత్సరానికి 4 శాతం రేటని అనుకుంటే వచ్చే విలువ. మన ప్రభుత్వ బాండ్లు చాలావరకు అలాగే చెల్లిస్తాయి కాబట్టి ఆ అలవాటుతో పొరబడేవాళ్లుంటారు. ప్రశ్నలో 'ఏటా' అన్న మాట చూడకపోతే ఈ 44 పైసల తేడాతో మార్కు పోతుంది.

ఇంతవరకు పరీక్ష. అయితే ఈ సరైన జవాబులోనే ఒక ఊహ దాగి ఉంది. దాన్ని విడదీసి చూపే పాఠాలు నాకు ఎక్కువగా కనిపించవు.

క్యాప్‌ఎమ్ ఇచ్చే 8 శాతం, సగటున ఆశించే రాబడి. 90, 90, 1,090 మాత్రం కంపెనీ ఇస్తానన్న డబ్బు. ఇస్తానన్నదీ, సగటున చేతికందేదీ ఒకటే అయితేనే ఈ రెండింటినీ ఒకే లెక్కలో కలపవచ్చు. ప్రభుత్వ బాండు విషయంలో దాదాపు అంతే. కంపెనీ బాండు విషయంలో కాదు. 2018 ఆగస్టు దాకా ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థకు ట్రిపుల్ ఏ రేటింగ్ ఉండేది. సెప్టెంబరులో చెల్లింపులు ఎగ్గొట్టింది.

తేడా ఎంతో చూడటానికి సులువైన ఉదాహరణ తీసుకుందాం. ఒక బాండుకు ఇంకా ఏడాదే గడువుంది, చివర 1,090 రూపాయలు రావాలి. పూర్తిగా వచ్చే అవకాశం 98 శాతం. మిగతా 2 శాతం అవకాశంలో కంపెనీ చేతులెత్తేస్తే 400 రూపాయలే దక్కుతాయనుకుందాం. సగటున చేతికొచ్చేది 0.98 × 1,090 + 0.02 × 400, అంటే 1,076.20. కావాల్సిన రాబడి 8 శాతమైతే ఇవాళ దీని విలువ 996.48 రూపాయలు. పరీక్ష పద్ధతిలో 1,090ని నేరుగా 8 శాతంతో తగ్గిస్తే 1,009.26 వస్తుంది. దాదాపు 13 రూపాయలు ఎక్కువ ఇచ్చినట్టు.

ఇప్పుడు అదే బాండును 996.48కి కొన్నారనుకోండి. మాట ప్రకారం 1,090 వస్తే రాబడి 9.39 శాతం. బాండు అమ్మేవాళ్లు చూపించే 'ఈల్డ్ టు మెచ్యూరిటీ' ఇదే. ఆశించదగిన సగటు రాబడి మాత్రం 8 శాతం. మధ్యలోని 1.39 శాతం లాభం కాదు, ఎగవేతల వల్ల సగటున పోయేదానికి ముందే కట్టిన వెల.

అందువల్ల నిజమైన మార్కెట్‌లో కంపెనీ బాండ్ల విలువ క్యాప్‌ఎమ్‌తో కట్టేవారు అరుదు. బీటా కొలవాలంటే రోజూ చేతులు మారే ధరలుండాలి. మన దగ్గర చాలా కంపెనీ బాండ్లు రోజుల తరబడి అమ్మకానికే రావు. పైగా బాండ్ల రాబడిని కదిపేవి ముఖ్యంగా వడ్డీ రేట్ల మార్పులు, ఎగవేత భయం. యూజీన్ ఫామా, కెన్నెత్ ఫ్రెంచ్ 1993లో షేర్లతో పాటు బాండ్లనూ పరిశీలించినప్పుడు, మార్కెట్ బీటాతో సరిపెట్టకుండా ఈ రెండింటికీ విడివిడి కొలమానాలు పెట్టుకున్నారు. ఆచరణలో జరిగేది ఇంకా సూటిగా ఉంటుంది. అంతే గడువున్న ప్రభుత్వ బాండు రాబడి తీసుకుని, దాని మీద రేటింగ్‌కు తగిన అదనపు శాతం కలిపి, ఆ రేటుతో కంపెనీ ఇస్తానన్న మొత్తాలను తగ్గిస్తారు. ఆ అదనంలో ఎగవేత నష్టం ఇమిడి ఉంటుంది కనుక లెక్క పొసుగుతుంది. గడువు సరిపోల్చడం ఇక్కడ ముఖ్యం. మూడేళ్ల బాండుకు మూడేళ్ల ప్రభుత్వ బాండు, పత్రికల్లో కనిపించే పదేళ్లది కాదు.

ఇప్పుడు బాండ్లు ఫోన్లోనే కొనవచ్చు. 12 శాతం ఈల్డ్ అన్న ప్రకటన కనిపించినప్పుడు అది సూత్రంలోని r కాదని, కంపెనీ మాట తప్పకపోతే వచ్చే రాబడి మాత్రమేనని గుర్తించాలి. అంతే గడువున్న ప్రభుత్వ బాండు 7 శాతమిస్తుంటే, పైనున్న 5 శాతంలో ఎంత భాగం ఎగవేత నష్టానికి పోతుందో అడగాలి. దాన్ని అంచనా కట్టే పద్ధతి పై ఉదాహరణలోనే ఉంది: ఎగ్గొట్టే అవకాశాన్ని, ఎగ్గొడితే పోయే వంతుతో గుణించడం. ఏడాదికి 4 శాతం ఎగవేత అవకాశం, ఎగవేస్తే 60 శాతం నష్టం అనుకుంటే సుమారు 2.4 శాతం అక్కడే పోతుంది. సగటున మిగిలేది దాదాపు 9.6.