స్పామ్‌ను పట్టే లెక్క

వైట్‌బోర్డు మీద మొదట డేటా. పరిశోధకులు తరచూ వాడే ఒక ఎస్ఎంఎస్ సంకలనంలో 5,574 సందేశాలుంటే, స్పామ్ 747 మాత్రమే. అన్నీ మంచివేనని గుడ్డిగా చెప్పే ప్రోగ్రామ్‌కూ 86 శాతం మార్కులు దాటతాయి. అది ఒక్క స్పామ్‌నూ పట్టదు. అందుకే రెండు ప్రశ్నలు వేయాలి: స్పామ్‌లో ఎంత దొరికింది? స్పామ్ అని పక్కన పెట్టినవాటిలో నిజమైనవెన్ని? నా దృష్టిలో రెండోదే ముఖ్యం. బ్యాంకు ఓటీపీ అందులో పడితే పని ఆగిపోతుంది.

గుర్తులుగా పదాలొక్కటే చాలవు. free ను fr3e అని రాస్తారు కనుక అక్షరాల ముక్కల్నీ, లింకుల్నీ లెక్కించాలి.

విడుదలలో మొదట ఏ సందేశాన్నీ కదపకుండా, మోడల్ తీర్పుల్ని నమోదు చేసి చూడాలి. మంచి సందేశం స్పామ్‌లో కనిపిస్తే ‘స్పామ్ కాదు’ నొక్కండి. తర్వాతి శిక్షణకు అదే డేటా.