అచ్చు వదలాలంటే

బజారులో బాత్‌రూమ్ మగ్గులు ఒకదానిలో ఒకటి దూరి నిలువుగా పేర్చి ఉంటాయి. మూతి వెడల్పు, అడుగు ఇరుకు. చోటు కలిసిరావడానికే అలా చేశారనుకుంటాం గానీ, గోడలు వాలుగా లేకపోతే మగ్గు అసలు అచ్చులోంచి సజావుగా ఊడి రాదు.

కరిగిన ప్లాస్టిక్ చల్లారుతూ కుంచించుకుపోతుంది. మధ్యలో ఉన్న ఉక్కు దిమ్మను, అంటే కోర్‌ను, తడిసిన చొక్కాలా పట్టేస్తుంది. గోడలు నిట్టనిలువుగా ఉంటే ఆ పట్టు చివరిదాకా వదలదు. పిన్నులతో నెట్టినప్పుడు గోడ మీద గీతలు పడతాయి, పిన్ను తగిలినచోట తెల్లబారుతుంది. గోడ కాస్త వాలి ఉంటే, వెంట్రుకవాసి కదిలిందంటే చాలు, చుట్టూ సందు ఏర్పడుతుంది. ఈ వాలునే డ్రాఫ్ట్ అంటారు.

ఒక చిన్న కరెంటు పరికరానికి ఏబీఎస్ ప్లాస్టిక్ డబ్బా గీస్తున్నామనుకుందాం. లోతు 40 మిల్లీమీటర్లు, గోడ మందం 2.5. ఒక డిగ్రీ వాలు ఇస్తే మూతి నుంచి అడుగుకు వచ్చేసరికి ప్రతి గోడా 0.7 మిల్లీమీటరు లోపలికి జరుగుతుంది. కంటికి ఆనదు. బయట తోలులాంటి గరుకు నగిషీ కావాలంటే మాత్రం ఒక డిగ్రీ చాలదు. నగిషీ ఎంత లోతైతే వాలు అంత పెంచాలి.

కొత్తవాళ్లు పొరబడేది కంప్యూటర్లో పనుల వరుస దగ్గర. ముందు దిమ్మను తొలిచి డబ్బా చేసి, తర్వాత బయటి గోడలకు మాత్రమే వాలు ఇస్తారు. అప్పుడు మూతి దగ్గర 2.5 ఉన్న గోడ అడుగున 1.8కి పలచబడుతుంది. లోపలి గోడ నిలువుగానే మిగిలి కోర్‌ను పట్టుకునే ఉంటుంది. ముందు దిమ్మకు వాలు ఇచ్చి, ఆ తర్వాత తొలిస్తే రెండు చిక్కులూ ఉండవు.

ఇక డబ్బా అడుగు నొక్కితే లొట్టపోతోంది. మందం 4కు పెంచుదామా? చల్లారే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి రెండున్నర రెట్లు ఆగాలి. పైగా పక్కన పలచని గోడ ముందే గట్టిపడి, అడుగు ఆలస్యంగా కుంచించుకుని, డబ్బా వంకర తిరుగుతుంది. అందుకే మందం ముట్టుకోకుండా లోపల రిబ్బులు, అంటే సన్నని పక్కటెముకలు నిలబెడతారు.

రిబ్బు కూడా 2.5 మందమే అయితే, అది అడుగును కలిసేచోట ప్లాస్టిక్ ముద్ద సుమారు 3.1కి చేరుతుంది. ఆ ముద్ద చివరగా చల్లారి, పైపొరను లోపలికి లాక్కుంటుంది. డబ్బాను ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా తిప్పి చూస్తే, బయట సరిగ్గా ఆ రిబ్బు గీత మీద లైటు ప్రతిబింబం వంగి కనిపిస్తుంది. దాన్నే సింక్ మార్క్ అంటారు. నున్నని నల్ల రంగు డబ్బాలో ఇది అస్సలు దాగదు. రిబ్బు మందం గోడలో సగం, అంటే 1.25 ఉంటే ముద్ద 2.7 దాటదు. ఎత్తు గోడ మందానికి మూడు రెట్లలోపు, ఇక్కడ 7 చాలు. రిబ్బుకూ అర డిగ్రీ వాలు తప్పదు.

సగం మందంతో బలం చాలుతుందా అని అనుమానం వచ్చినా సన్నగానే మొదలుపెట్టడం మేలు. రిబ్బు అంటే అచ్చు ఉక్కులో కోసిన గాడి. గాడిని ఇంకాస్త వెడల్పు చేయడం తేలిక. వెడల్పైన గాడిని ఇరుకు చేయాలంటే ఉక్కుకు వెల్డింగు పెట్టి మళ్లీ కోయాలి.