పన్నెండు లక్షలా, కోటీ ఇరవై లక్షలా?

ఈ రెండు మొత్తాలను ఒకదాని కింద ఒకటి చూడండి: 12,00,000, ఆ కింద 12,000,000. తొందరలో చూస్తే రెండూ ఒకటేననిపిస్తాయి. ముందు పన్నెండు, పక్కన కామా, ఆ పైన అన్నీ సున్నాలే. కానీ మొదటిది పన్నెండు లక్షలు, రెండోది కోటీ ఇరవై లక్షలు. ఒక్క సున్నా ఎక్కువైనందుకు విలువ పదింతలైంది. మన పద్ధతిలో కామాలు పెట్టిన మొత్తాలూ అంతర్జాతీయ పద్ధతిలో పెట్టినవీ ఒకే వరుసలో కలిసిపోతే జరిగే పొరపాటు చాలాసార్లు ఇలాగే పదింతల తేడాతో ఉంటుంది.

రెండు పద్ధతులకూ కుడి చివర ఒకటే. చివరి మూడు అంకెల ముందు ఇద్దరూ కామా పెడతారు. అక్కడి నుంచి ఎడమకు వెళ్తే మనం రెండేసి అంకెలకు ఒక కామా పెడతాం, వాళ్లు మూడేసి అంకెలకు పెడతారు. కాబట్టి 99,999 వరకూ తేడా ఏమీ కనబడదు. లక్ష దగ్గర దారులు చీలుతాయి: మనకు 1,00,000, వాళ్లకు 100,000. అందుకే నెలవారీ ఇంటి ఖర్చుల పట్టికలో రెండు పద్ధతులు కలిసినా ఎవరూ పట్టుకోలేరు. పొలం అమ్మిన సొమ్మో, ఇంటి రుణమో వచ్చినప్పుడు ఆ కలగాపులగం బయటపడుతుంది.

మన కామాలు మనం లెక్కను పలికే తీరును అనుసరిస్తాయి. 1,20,45,300 అని ఉంటే కామా దగ్గర ఆగుతూ కోటీ, ఇరవై లక్షల, నలభై అయిదు వేల, మూడు వందలు అని చదువుతాం. ప్రతి కామా దగ్గరా ఒక స్థానం పేరు వస్తుంది. ఇదే మొత్తాన్ని 12,045,300 అని రాస్తే ఇంగ్లీషులో చదివేవారికి పన్నెండు మిలియన్లు, నలభై అయిదు వేలు అని అంతే తేలిగ్గా పలుకుతుంది. తెలుగులో చదవబోయే మనకు మాత్రం కామా ఉన్నచోట స్థానం పేరు లేదు. కళ్లు కామాను వదిలేసి అంకెలు లెక్కపెట్టుకోవాలి. అలా లెక్కపెట్టడం మరిచినప్పుడు ఎడమవైపు మొదటి కామాను లక్షల కామాగా తీసుకుంటాం.

నిలువు వరుసలో ఇది ఇంకా ముఖ్యం. మొత్తాలన్నీ కుడి అంచుకు సర్ది, ఒకే పద్ధతిలో కామాలు పెట్టి, పైసలు చూపిస్తే అన్నింటికీ చూపించి, చూపకపోతే దేనికీ చూపించకుండా ఉంచితే, కామాలు ఒకదాని కింద ఒకటి నిలబడతాయి. అప్పుడు ఒక్కో మొత్తాన్నీ చదవనక్కర్లేదు. కుడి నుంచి రెండో కామాకు ఎడమవైపు ఏమైనా ఉంటే లక్షలు, మూడో కామాకు ఎడమవైపు ఉంటే కోట్లు. పెద్దవి ఏవో, చిన్నవి ఏవో చూపుకే తెలిసిపోతాయి. ఆ వరుసలో ఒక్క మొత్తానికి కామా పక్కకు జరిగినా కంటికి ఆనుతుంది. అంటే కామా చదవడానికి పనికొచ్చినంతగా తప్పు పట్టడానికీ పనికొస్తుంది. రెండు పద్ధతులు కలిపితే ఆ రెండో ఉపయోగం పోతుంది.

మన ఇళ్లలో ఈ రెండు పద్ధతులూ ఎదురుపడే చోటు ఒకటుంది. పిల్లల్ని అమెరికా చదువుకు పంపేటప్పుడు చాలా కుటుంబాలు చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర ఆస్తుల విలువ పత్రం రాయించుకుంటాయి. అందులో సాధారణంగా రూపాయలకు ఒక వరుస, డాలర్లకు ఒక వరుస ఉంటాయి. రాసేది ఇక్కడివాళ్లు, చదివేవాళ్లలో అక్కడివాళ్లూ ఉంటారు. లెక్క కోసం డాలరు 85 రూపాయలనుకుని ఒక ఊహా పత్రం వేసి చూద్దాం.

| ఆస్తి | రూపాయల్లో | డాలర్లలో |
|---|---:|---:|
| ఇల్లు | 85,00,000 | 100,000 |
| పొలం | 1,20,00,000 | 141,176 |
| ఫిక్స్‌డ్ డిపాజిట్ | 18,40,000 | 21,647 |
| బంగారం | 9,75,000 | 11,471 |
| పొదుపు ఖాతా | 86,500 | 1,018 |
| మొత్తం | 2,34,01,500 | 275,312 |

ఫిక్స్‌డ్ డిపాజిట్ దగ్గర ఆగండి. మూడేసి అంకెల కామాకు అలవాటుపడి, మన పద్ధతి తెలియని మనిషి 18,40,000 చూస్తే మధ్యలో ఒక అంకె ఎగిరిపోయిందని అనుకోవచ్చు. 18,400,000 అని రాయబోయి తప్పారేమోనన్న సందేహం రావడం సహజం. అసలు విలువ అతని పద్ధతిలో 1,840,000. ఇక్కడా తేడా పదింతలే. ఇటువైపు నుంచి చూస్తే, ఇదే పత్రాన్ని అంతర్జాతీయ పద్ధతిలో తయారుచేసి పొలం దగ్గర 12,000,000 అని రాసిస్తే, సంతకం పెట్టే ముందు చూసుకునే తండ్రికి అది పన్నెండు లక్షల్లా కనబడుతుంది.

పక్కనున్న డాలర్ల వరుస ఇలాంటి చోట కాపాడుతుంది. పొలం నిజంగా పన్నెండు లక్షలే అయితే పక్కన 14,118 డాలర్లు ఉండాలి. 141,176 ఉందంటే రూపాయల మొత్తాన్ని మనమే తప్పు చదివామన్నమాట. మొత్తాన్ని అక్షరాల్లో కూడా రాయిస్తే ఇంకా మంచిది. చెక్కు మీద అలా రాయడానికి చట్టం బలం ఉంది: నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి ఉంటే అక్షరాల్లో ఉన్నదే చెల్లుతుంది. అక్షరాలకు కామాలతో పనిలేదు.

పట్టిక కాగితం మీద ఉన్నంతవరకూ కామా ఎక్కడ పెట్టారో అక్కడే ఉంటుంది. కంప్యూటరులో సంగతి వేరు. ఎక్సెల్ గడిలో సరిగ్గా నింపిన మొత్తంలో అసలు కామాయే ఉండదు. లోపల ఉన్నది 1840000 మాత్రమే. చూపించేటప్పుడు కామాలు ఎక్కడ పడాలో విండోస్‌లోని ప్రాంతీయ అమరిక నిర్ణయిస్తుంది. అందుకే విజయవాడలో 18,40,000 అని కనిపించిన ఫైలు డాలస్‌లోని కంప్యూటరులో తెరిస్తే 1,840,000 అని కనిపిస్తుంది. ఫైలులో ఎవరూ ఏమీ మార్చలేదు, లెక్కా మారలేదు. ఫోన్‌లో మాట్లాడుకుంటూ అన్నాదమ్ములిద్దరూ ఒకే ఫైలును రెండు రకాలుగా చదవడానికి కారణం ఇది. కామాలు మీరు పెట్టినట్టే అవతలివారికి కనబడాలంటే పీడీఎఫ్‌గా పంపాలి.

మీ కంప్యూటరులో లక్షల కామాలు రావడం లేదంటే విండోస్ కీతో పాటు R నొక్కి, వచ్చిన పెట్టెలో `intl.cpl` అని కొట్టండి. తెరుచుకునే కిటికీలో `Additional settings` నొక్కితే `Digit grouping` అనే వరుస కనిపిస్తుంది. అక్కడ `12,34,56,789` ఎంచుకుంటే చాలు. ఎక్సెల్ మూసి తెరిస్తే కామాల అమరిక ఉన్న గడులన్నీ లక్షల్లోకి వస్తాయి. మళ్లీ చెబుతున్నాను, ఇది మీ కంప్యూటరు చూపించే తీరు మాత్రమే. ఫైలుతో పాటు ప్రయాణం చేయదు.

ఫైలుతో పాటే వెళ్లాలంటే గడుల అమరికలో కస్టమ్ అనే చోట ఇలా రాస్తారు:

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
```

మొత్తం కోటి దాటితే ఒక అచ్చు, లక్ష దాటితే ఒకటి, మిగతావాటికి మామూలుది అని దీని అర్థం. లెక్కల ఆఫీసుల్లో చేతులు మారుతూ తిరిగే సూత్రమే ఇది, గూగుల్ షీట్స్‌లోనూ పనిచేస్తుంది. కానీ దీనికి ఒక లోపముంది, దాన్ని చెప్పకుండా ఈ సూత్రాన్ని చేతికివ్వడం నాకు ఇష్టం లేదు. షరతులు రెండే పెట్టగలం. మైనస్ మొత్తాలు ఆ రెండింటిలోనూ ఇమడక మూడోదానికి పోతాయి. మూడేసి అంకెల కంప్యూటరులో 12,34,567 లాభం లక్షల్లో కనిపిస్తే, అంతే నష్టం -1,234,567 అని కనిపిస్తుంది. ఒకే వరుసలో లాభానికి ఒక పద్ధతి, నష్టానికి ఒక పద్ధతి! బాకీలు, నష్టాలు వచ్చే వరుసకు ఈ సూత్రం వాడకండి, విండోస్ అమరికే మేలు. ట్యాలీ వాడేవారికి ఈ తిప్పలు లేవు. ట్యాలీప్రైమ్‌లో కరెన్సీ వివరాల దగ్గర మొత్తాలను మిలియన్లలో చూపించాలా అని అడుగుతుంది, వద్దంటే లక్షల పద్ధతే.

దీనికంటే పెద్ద ప్రమాదం కామాలను చేత్తో కొట్టడం లేదా ఎక్కడినుంచో కాపీ చేసి తేవడం. అలా వచ్చిన 18,40,000 ఒక్కోసారి గడిలో అంకెగా కాకుండా అక్షరాల ముక్కగా ఉండిపోతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ కూడికలో చేరదు. `SUM` దాన్ని చూడనట్టు దాటిపోతుంది, తప్పని కూడా చెప్పదు. పట్టుకునే గుర్తు ఒకటుంది: మీరు సర్దకపోయినా అంకె కుడి అంచుకు, అక్షరాల ముక్క ఎడమ అంచుకు అంటుకుంటాయి. మొత్తాల వరుసలో ఒక్కటి ఎడమకు జరిగి ఉంటే అనుమానించండి. ఆ వరుసను ఎంచుకుని, వెతికి మార్చే సాధనంతో కామాలను తీసేస్తే సాధారణంగా అది అంకెగా మారుతుంది. కామాలతో గడులను విడదీసే సీఎస్‌వీ ఫైళ్లలో ఇంకో చిక్కు ఉంది. మొత్తం చుట్టూ కొటేషన్ గుర్తులు లేకపోతే 18,40,000 మూడు గడులుగా విడిపోయి 18, 40, 0 అవుతుంది. కాబట్టి కామాలు లేకుండా నింపి, కామాలు చూపించే పనిని యంత్రానికే వదిలేయాలి.

కంపెనీల లెక్కల్లో కామాతో పాటు వరుస పైనున్న శీర్షికను కూడా చూడాలి. కంపెనీల చట్టం 2013 మూడో షెడ్యూలు ప్రకారం మొత్తం ఆదాయం వంద కోట్ల లోపుంటే వందల్లో, వేలల్లో, లక్షల్లో లేదా మిలియన్లలో చూపాలి. వంద కోట్లు, ఆ పైనుంటే లక్షల్లో, మిలియన్లలో లేదా కోట్లలో చూపాలి. ఏది ఎంచుకున్నా లెక్కల పత్రమంతా అదే ఉండాలి. మన హైదరాబాద్ సంస్థ డాక్టర్ రెడ్డీస్ 2001 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉంది, దాని పట్టికలు రూపాయి మిలియన్లలో ఉంటాయి. 2023-24 ఆదాయం ఆ పట్టికలో 279,164. దాన్ని 2,79,164 కోట్లుగా చదివితే మళ్లీ అదే పదింతల పొరపాటు. పది మిలియన్లు ఒక కోటి కనుక పదితో భాగించాలి, అప్పుడు దాదాపు 27,916 కోట్లు వస్తుంది.

ఏ పత్రం చేతికొచ్చినా మొదట వరుసలోకెల్లా పెద్ద మొత్తం దగ్గరికి వెళ్లి రెండు కామాల మధ్య ఎన్ని అంకెలున్నాయో చూడండి. రెండుంటే మన లెక్క, మూడుంటే వాళ్ల లెక్క. మూడున్నప్పుడు కామాలు మరిచిపోయి కుడి నుంచి అంకెలు లెక్కపెట్టండి: ఆరు అంకెలైతే లక్షలు, ఏడైతే పది లక్షలు, ఎనిమిదైతే కోట్లు. ఆ పైన చిన్న మొత్తాలను అదే తీరున చదువుకుంటూ కిందికి రావచ్చు.