మంచుగడ్డ చెప్పిన సాక్ష్యం

పిల్లలూ, 2014వ సంవత్సరం అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రోజు ఆదివారం. పొద్దున్నే మా వీధిలో కరెంటు పోయింది. గాలికి చెట్లూ, వేలకొద్దీ కరెంటు స్తంభాలూ కూలిపోయాయి. బుధవారం రాత్రి దాకా మా ఇంట్లో దీపం వెలగలేదు.

గురువారం పొద్దున మా మనుమరాలు ఫ్రీజరు తలుపు తీసి, "అమ్మమ్మా, చేప ముక్కలు బాగానే ఉన్నాయి! రాయిలా ఉన్నాయి!" అని కేకపెట్టింది. తుఫానుకు ముందురోజు కొన్న వంజరం ముక్కలు అవి. బజారులో కూరలు లేవు, దొరికినవాటికి ధర మండిపోతున్నది. మా ఇంటావిడ సంతోషించి, "పులుసు పెట్టేస్తాను. ఇంకేం కావాలి?" అన్నది.

నేను ఆగమన్నాను. ఆ ముక్కలు ఇప్పుడు గట్టిగా ఉన్న మాట నిజమే. కాని మధ్యలో మెత్తబడలేదని ఎలా తెలుస్తుంది? దానికి సాక్షి కావాలి. ఆ సాక్షి ఫ్రీజరులోనే ఉన్నది.

శనివారం రాత్రి మా మనుమరాలు మంచు బిళ్ళలు విడివిడిగా తీసి ఒక గిన్నెలో పోసి పెట్టింది. ఇప్పుడు ఆ గిన్నెలో బిళ్ళ అన్నది ఒక్కటీ లేదు. అంతా కలిసి, పైన నున్నగా, ఒకే దిమ్మగా ఉన్నది. మరి విడి బిళ్ళలు దిమ్మ ఎలా అయినాయి? అవి పూర్తిగా కరిగి నీళ్ళయి, తిరిగి గడ్డకట్టాయన్న మాట! బఠానీ పొట్లం చూశాం. గలగలలాడవలసిన గింజలు ఒకే ముద్దగా అతుక్కుపోయాయి. చేప గిన్నె అడుగున గులాబిరంగు మంచు పేరుకుని ఉన్నది. అది ముక్కల్లోంచి కారిన రసం. చాకుతో ఒక ముక్కను పొడిచి చూస్తే, పైన గట్టిగా ఉన్నది కాని లోపల మెత్తగా దిగింది. చలి బయటినుంచి లోపలికి పాకుతుంది గనక, రాత్రికి రాత్రి పైపొర మాత్రమే తిరిగి గడ్డకట్టింది.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుందాం. కరిగి గడ్డకడితే ఏమవుతుంది? మంచులో క్రిములు చచ్చిపోవా?

చావవు. ఫ్రీజరులో ఉష్ణోగ్రత సున్నకు 18 డిగ్రీలు దిగువన ఉంటుంది. ఆ చలిలో సూక్ష్మజీవులు పెరగలేవు. కాని చాలా వరకు నిద్రపోయినట్టు పడి ఉంటాయి. వెచ్చబడగానే మేలుకుంటాయి. అన్నీ అనుకూలంగా ఉంటే కొన్ని రకాలు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఒక్కటి గంటలో 8 అవుతుంది. ఆరు గంటలలో ఎన్నవుతాయో పలకమీద లెక్కవేసి చూడండి. 2,62,144! తరువాత కరెంటు వచ్చి చలి వేస్తే అవన్నీ మళ్ళీ నిద్రపోతాయి. అంతేగాని లెక్క తగ్గదు.

"బాగా మరగబెడితే చస్తాయి కదా?" అని మా ఇంటావిడ అడిగింది. మంచి ప్రశ్నే. మరిగిస్తే క్రిములు చస్తాయి, నిజమే. కాని కొన్ని క్రిములు పెరిగేటప్పుడు ఆహారంలో విషం వదులుతాయి. ఆ విషాలలో కొన్ని మరిగించినా పోవు. వంజరం, కానాగంత వంటి చేపలు వెచ్చగా ఉండిపోతే వాటిలో మరొక విషపదార్థం పుడుతుంది. దాని పేరు హిస్టమిన్. అదీ వంటకు లొంగదు. ముఖం ఎర్రబడటం, తలనొప్పి, వాంతులు దానివల్ల వస్తాయి. వాసన చూసి కనిపెడదామన్నా కుదరదు. జబ్బుచేసే క్రిములు కంపు కొట్టి మనను హెచ్చరించవలసిన పని లేదు. రుచి చూడటం అసలే కూడదు.

ఆ ముక్కలను పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టాం. బఠానీ, కొబ్బరి కోరు, పక్కకు వాలి ఇసుకలాగా గడ్డకట్టిన ఐస్‌క్రీం కూడా వాటి వెంటే పోయాయి. పురుగు పట్టకుండా మూతపెట్టి దాచిన గోధుమరవ్వ, ఎండుమిరపకాయలు మాత్రం ఉంచుకున్నాం. అవి తడవలేదు, తడి లేనిచోట క్రిములు పెరగవు.

అయితే, పిల్లలూ, కరెంటు పోయిన ప్రతిసారీ అన్నీ పారేయవలసిన పని లేదు. ఇక్కడే మంచు చేసే మేలు తెలుసుకోవాలి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయటానికి కావలసిన వేడిని ఒక కేలరీ అంటారు. ఫ్రీజరులోని ఒక గ్రాము మంచు సున్న డిగ్రీలకు రావటానికి సుమారు 9 కేలరీలు చాలు. కాని సున్న దగ్గరికి వచ్చాక, అది కరిగి నీరు కావటానికి 80 కేలరీలు కావాలి! దీన్ని గుప్తోష్ణం అంటారు. ఈ వేడంతా మంచును కరిగించటానికే పోతుంది, ఉష్ణోగ్రత పెరగదు. కాబట్టి ఆహారం లోపల ఇంకా మంచు పలుకులు కనపడుతున్నాయంటే, అది సున్నకు దగ్గరగానే ఉన్నదని అర్థం. అటువంటి దాన్ని తిరిగి గడ్డకట్టించవచ్చు, వెంటనే వండుకుంటే ఇంకా మేలు. ఎందుచేతనంటే ఇంట్లో ఫ్రీజరు నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది. అప్పుడు మంచు పలుకులు పెద్దవిగా పెరిగి కణాల పొరలను చీలుస్తాయి; వండితే ముక్క పీచుపీచుగా, రసం లేకుండా ఉంటుంది. అది రుచికి నష్టమే గాని ప్రమాదం కాదు.

మంచు పూర్తిగా కరిగి, 4 డిగ్రీలకు మించి వెచ్చబడి, రెండు గంటలు దాటిన చేప, మాంసం, పాలు, వండిన కూరలు ఇక తినకూడదు. నిండా సామాను ఉన్న విడి ఫ్రీజరు తలుపు తీయకుండా ఉంచితే దాదాపు 48 గంటలు చలి నిలుపుకుంటుంది. సగం నిండినదైతే 24 గంటలు. ఫ్రిజ్ పైన ఉండే చిన్న అర అంతసేపు ఆగదు. మాకు మూడున్నర రోజులు గడిచాయి!

అన్ని ఇళ్ళలోనూ విడి మంచు బిళ్ళలు సాక్ష్యానికి ఉండవు. అందుచేత మీరు ఒక పని చేయండి. చిన్న గ్లాసులో నీళ్ళు పోసి ఫ్రీజరులో గడ్డకట్టించండి. ఆ గడ్డమీద ఒక రూపాయి నాణెం పెట్టి అక్కడే ఉంచండి. కరెంటు పోయి వచ్చాక చూడండి. నాణెం పైనే ఉంటే మంచు కరగలేదు. మధ్యలో చిక్కుకుని ఉంటే కొంత కరిగింది. అప్పుడు ఒక్కొక్క పొట్లం విప్పి లోపల మంచు పలుకులున్నాయేమో చూడాలి. అడుగున ఉంటే, పైన ఎంత గట్టిగా గడ్డకట్టి ఉన్నా, అంతా ఒకసారి నీరైపోయిందని తెలుసుకోండి.

హుద్‌హుద్ తరువాత మా ఫ్రీజరులో ఆ గ్లాసు ఎప్పుడూ ఉంటున్నది. కరెంటు వచ్చిన వెంటనే దాన్ని చూసే పని మా మనుమరాలిది. నాణెం ఎక్కడున్నదో ఆమె చెప్పిందాకా మా ఇంటావిడ పులుసుకు చింతపండు నానబెట్టదు.