ఎన్ని కాంపోనెంట్లు ఉంచాలి?

పీసీఏలో ఎన్ని కాంపోనెంట్లు ఉంచాలని మన బ్రాంచిలో ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: 95 శాతం వచ్చేదాకా. ల్యాబ్ రికార్డుల్లోనూ అదే ఉంటుంది. ఆ 95 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మాత్రం అందరూ పక్కవాళ్ల వైపు చూస్తారు. ఒక చిన్న టేబుల్ పట్టుకుని చివరిదాకా లెక్క చేసి చూస్తే, ఈ ప్రశ్న శాతాలతో తేలేది కాదని తెలుస్తుంది.

ఆ టేబుల్ పేరు `USArrests`. R ఇన్‌స్టాల్ చేసుకుంటే దాంతో పాటే వస్తుంది. అమెరికాలోని 50 రాష్ట్రాలకు 50 వరుసలు, నాలుగు కాలమ్‌లు. హత్య, దాడి, అత్యాచారం కేసుల్లో 1973లో లక్ష మంది జనాభాకి ఎంతమంది అరెస్టయ్యారు అనేవి మూడు కాలమ్‌లు (`Murder`, `Assault`, `Rape`). నాలుగోది `UrbanPop`, అంటే జనాభాలో పట్టణాల్లో ఉండేవాళ్ల శాతం. ఇవి అరెస్టుల లెక్కలు, జరిగిన నేరాల లెక్కలు కావు. ఆ తేడా గుర్తుపెట్టుకుని ముందుకు వెళ్దాం.

మొదటి పని కోవేరియన్స్ మాట్రిక్స్. ప్రతి కాలమ్‌లోంచి దాని సగటు తీసేస్తాం. అప్పుడు ప్రతి గడిలో మిగిలేది ‘ఈ రాష్ట్రం సగటు కన్నా ఎంత పైన, ఎంత కింద’ అనే తేడా. ఏ రెండు కాలమ్‌లైనా తీసుకుని, వరుసవారీగా ఆ తేడాలను గుణించి, అన్నీ కూడి, 49తో భాగిస్తే వాటి కోవేరియన్స్ వస్తుంది. రెండూ కలిసి పెరుగుతుంటే అది ప్లస్, ఒకటి పెరిగినప్పుడు ఇంకోటి తగ్గుతుంటే మైనస్. ఒక కాలమ్‌ని దానితోనే గుణిస్తే వచ్చేది వేరియన్స్. నాలుగు కాలమ్‌లకి 4×4 మాట్రిక్స్ వస్తుంది, దాని డయాగనల్ మీద వేరియన్స్‌లు ఉంటాయి.

ఇక పీసీఏ అడిగేది ఒకటే. నాలుగు కాలమ్‌లకీ తలా ఒక వెయిట్ ఇచ్చి కలిపి ఒక కొత్త కాలమ్ చేస్తే, ఆ కొత్త కాలమ్‌లో 50 రాష్ట్రాలూ ఒకదానికొకటి వీలైనంత దూరంగా పరుచుకోవాలి. ఏ వెయిట్లు ఇవ్వాలి? అన్నిటినీ వందతో గుణించి దూరం పెంచేస్తానంటే కుదరదు, అందుకే వెయిట్ల వర్గాల మొత్తం 1 ఉండాలని షరతు. ఈ షరతు కింద కొత్త కాలమ్ వేరియన్స్‌ని గరిష్ఠం చేస్తే, జవాబుగా వచ్చేది కోవేరియన్స్ మాట్రిక్స్‌లో అతి పెద్ద ఐగెన్ వాల్యూ, దాని ఐగెన్ వెక్టర్. వెక్టర్‌లో ఉన్నవే వెయిట్లు. ఐగెన్ వాల్యూయే ఆ కొత్త కాలమ్ వేరియన్స్. దీనికి లంబంగా ఉన్న దిశల్లో మళ్లీ వెతికితే రెండోది, అలాగే మూడోది, నాలుగోది. మ్యాథ్స్ పేపర్లో మూడు బై మూడు మాట్రిక్స్ ఇచ్చి ‘ఫైండ్ ద ఐగెన్ వెక్టర్స్’ అన్నప్పుడు ఇవి దేనికి పనికొస్తాయో ఎవరైనా ఈ ఒక్క పేరా చెప్పి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మన టేబుల్. నాలుగు కాలమ్‌ల వేరియన్స్‌లు చూడండి: హత్య 18.97, దాడి 6945.17, పట్టణ జనాభా 209.52, అత్యాచారం 87.73. ఈ మాట్రిక్స్‌ని ఇలాగే ఐగెన్‌లోకి పంపితే మొదటి కాంపోనెంట్ ఒక్కటే 96.6 శాతం తీసుకుంటుంది. 95 శాతం సూత్రం ప్రకారం పని అయిపోయింది, ఒక్కటి చాలు. కానీ దాని వెయిట్లు చూస్తే దాడికి 0.995, మిగతా మూడూ 0.08 లోపే. అంటే మనం కనిపెట్టిన ‘ప్రధాన కాంపోనెంట్’ ఏంటంటే, టేబుల్‌లో ముందే ఉన్న `Assault` కాలమ్. దాడుల అరెస్టుల్ని లక్షకి కాకుండా వెయ్యి మందికి లెక్కేసి ఉంటే దాని వేరియన్స్ పదివేల రెట్లు తగ్గి 0.69 అయ్యేది, అప్పుడు మొదటి స్థానం పట్టణ జనాభాది అయ్యేది. ఏ యూనిట్ వాడామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతోంది.

అందుకే ప్రతి కాలమ్‌నీ దాని స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగిస్తారు. అప్పుడు అన్ని వేరియన్స్‌లూ 1 అవుతాయి, కోవేరియన్స్ మాట్రిక్స్ కాస్తా కోరిలేషన్ మాట్రిక్స్ అవుతుంది. R లోని `prcomp` ఈ పని తనంతట తాను చేయదు, `scale. = TRUE` అని మనమే చెప్పాలి. పైథాన్‌లో scikit-learn వాడినా అంతే, సగటు తీసేస్తుంది తప్ప స్కేల్ చేయదు. అయితే స్కేలింగ్ కూడా ఒక నిర్ణయమే. మూడు నేరాలూ ఒకే యూనిట్‌లో ఉన్నాయి కాబట్టి స్కేల్ చేయకూడదని కూడా వాదించవచ్చు. నాకైతే, పట్టణ శాతం పక్కనే ఉండగా ఆ వాదన నిలవదనిపిస్తుంది.

```r
X <- scale(USArrests)
e <- eigen(cov(X))
e$values
```

ఇప్పుడు ఐగెన్ వాల్యూలు 2.480, 0.990, 0.357, 0.173. మొత్తం 4, ఎందుకంటే నాలుగు కాలమ్‌లకీ తలా ఒకటి. శాతాల్లో 62.0, 24.7, 8.9, 4.3. మొదటి కాంపోనెంట్ వెయిట్లు హత్య 0.536, దాడి 0.583, పట్టణం 0.278, అత్యాచారం 0.543. మూడు నేరాలూ దాదాపు సమానంగా ఉన్నాయి కాబట్టి ఇది స్థూలంగా ‘మొత్తం మీద అరెస్టులు ఎంత ఎక్కువ’ అనే కొలత. రెండోదాంట్లో పట్టణానికి −0.873, హత్యకి 0.418, మిగతావి చిన్నవి. మీ స్క్రీన్ మీద గుర్తులు తారుమారుగా వస్తే కంగారుపడకండి, ఒక వెక్టర్‌లోని అన్ని గుర్తుల్నీ ఒకేసారి తిప్పేస్తే అర్థం మారదు.

మరి ఎన్ని ఉంచాలి? కైజర్ 1960లో చెప్పిన సూత్రం ప్రకారం ఐగెన్ వాల్యూ 1 దాటినవే ఉంచాలి, అంటే ఒక్కటి. రెండోది 0.990 దగ్గర ఆగిపోయింది, వందలో ఒక వంతు తేడాతో. 80 శాతం చాలంటే రెండు కావాలి, ఎందుకంటే మొదటి రెండూ కలిస్తే 86.8. 95 కావాలంటే మూడు, మొత్తం 95.7. ఒకే టేబుల్, మూడు సూత్రాలు, మూడు జవాబులు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన లెక్క ఒకటుంది. శాతం అనేది టేబుల్ మొత్తానికి సగటు. మనకి నిజంగా కావాల్సింది, ఏ కాలమ్ ఎంత మిగిలింది అన్నది. ఒక కాంపోనెంట్‌లో ఒక కాలమ్ వెయిట్‌ని వర్గం చేసి ఐగెన్ వాల్యూతో గుణిస్తే, ఆ కాలమ్ వేరియన్స్‌లో ఎంత భాగం ఆ కాంపోనెంట్‌లోకి వెళ్లిందో వస్తుంది.

```r
h <- e$vectors^2 %*% diag(e$values)
t(apply(h, 1, cumsum))
```

ఒక్క కాంపోనెంట్ ఉంచితే దాడిలో 84 శాతం, అత్యాచారంలో 73, హత్యలో 71 మిగిలాయి. పట్టణంలో మిగిలింది 19 శాతమే! 62 అనే నంబర్ వెనక ఒక కాలమ్ దాదాపు పూర్తిగా మాయమైంది. రెండో కాంపోనెంట్ కలిపితే పట్టణం ఒక్కసారిగా 95కి వెళ్తుంది, హత్య 89కి. దాడి, అత్యాచారం కొద్దిగానే కదులుతాయి.

దీంతో కైజర్ సూత్రం ఎందుకు ఒకటే అందో కూడా అర్థమవుతుంది. ఐగెన్ వాల్యూ 1 అంటే ఒక కాలమ్ ఒంటరిగా మోసే వేరియన్స్. రెండో కాంపోనెంట్ చాలావరకు పట్టణ కాలమే. హత్యతో దాని కోరిలేషన్ 0.07, దాడితో 0.26, అత్యాచారంతో 0.41. కాలమ్‌ల మధ్య ఉమ్మడిగా ఉన్న ప్యాటర్న్‌లు ఎన్ని అని అడిగితే ఒకటే అన్న జవాబు సమంజసమే. హార్న్ 1965లో చెప్పిన పద్ధతి, అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని అదే సైజు ర్యాండమ్ డేటాలో వచ్చే ఐగెన్ వాల్యూలతో పోల్చడం, అదీ ఇక్కడ ఒకటే అంటుంది. అలాంటి డేటాలో కూడా రెండో ఐగెన్ వాల్యూ సగటున ఒకటికి కొంచెం పైనే ఉంటుంది. కానీ ఉమ్మడి ప్యాటర్న్‌లు ఎన్ని అనేది ఒక ప్రశ్న, టేబుల్‌లోంచి ఏం పారేస్తున్నాం అనేది ఇంకో ప్రశ్న. ఒంటరిగా ఉన్నంత మాత్రాన ఒక కాలమ్ చెత్త అయిపోదు కదా.

రాష్ట్రాల వైపు నుంచి చూస్తే ఇంకా స్పష్టం. మొదటి కాంపోనెంట్ మీద జార్జియా స్కోరు 1.62, కొలరాడో 1.50. ఒక్కటే ఉంచితే ఈ రెండూ కవలలు. అసలు టేబుల్‌లో జార్జియా హత్య 17.4, అత్యాచారం 25.8, పట్టణం 60. కొలరాడోలో అవే 7.9, 38.7, 78. రెండో కాంపోనెంట్ మీద జార్జియా 1.27, కొలరాడో −0.98, అక్కడ విడిపోతాయి. పేపర్ మీద ఒక బొమ్మ గీసి రాష్ట్రాల్ని పోల్చడమే పని అయితే నేను రెండు ఉంచుతాను.

మూడోదాన్ని వదిలేస్తే నష్టం ఎవరికి? కాలమ్‌ల లెక్క మళ్లీ చూడండి. రెండింటితో అత్యాచారం కాలమ్ 76 దగ్గరే ఆగింది, నాలుగింట్లో అదే తక్కువ. మూడోది కలిపితే 99.9. మూడో కాంపోనెంట్‌లో ఆ కాలమ్ వెయిట్ 0.818, మిగతా మూడూ మైనస్. అంటే మిగతావాటి నుంచి ఊహించిన దానికన్నా అత్యాచారం అరెస్టులు ఎక్కువ ఉన్న రాష్ట్రాల్ని ఇది పట్టుకుంటుంది.

అలాస్కా అలాంటిదే. రెండు కాంపోనెంట్ల స్కోర్లు (1.93, 1.06) తీసుకుని వెనక్కి లెక్కేస్తే, అలాస్కా అత్యాచారం అరెస్టులు లక్షకి 29.4 అని వస్తుంది. టేబుల్‌లో ఉన్నది 44.5. మూడో స్కోరు 2.02 కూడా కలిపితే 44.9 వస్తుంది. కాబట్టి ఈ డేటాని తర్వాత ఇంకో మోడల్‌కి ఇచ్చేటప్పుడు, అందులో ఆ కాలమ్‌కి సంబంధించిన ప్రశ్న ఉంటే, 8.9 శాతమే కదా అని మూడోదాన్ని తీసేయకూడదు. మోడల్‌కి ఏది పనికొస్తుందో పీసీఏకి తెలియదు, దానికి తెలిసింది వేరియన్స్ ఒక్కటే. ఇలా వెనక్కి లెక్కేసి, బాగా తప్పిన వరుసలు ఏవో ఒకసారి ప్రింట్ చేసుకోవడానికి R లో రెండు లైన్లు సరిపోతాయి:

```r
R <- X %*% e$vectors[,1:2] %*% t(e$vectors[,1:2])
head(sort(rowSums((X - R)^2), decreasing = TRUE))
```

ఇందులో `1:2` ని `1:3` చేసి మళ్లీ రన్ చేయండి, లిస్టులో అలాస్కా ఎక్కడికి పోతుందో చూడండి.