బుర్రకథకు ముందు మూడు నిమిషాలు

బుర్రకథ దళాన్ని వేదిక మీదికి పిలిచే ముందు వ్యాఖ్యాత చేతిలో తరచూ ఒక చిట్టా ఉంటుంది. బిరుదులు, సన్మానాలు, ఇచ్చిన ప్రదర్శనల లెక్క. అదంతా చదివేసరికి కళాకారుడు పెద్దవాడని ప్రేక్షకులకు అర్థమవుతుంది. రాబోయే గంటసేపు చెవి ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియదు. ఊరి నడుమ రాత్రంతా సాగే కథకు ఆ ఇబ్బంది లేదు; వినేవాళ్లకు కథా తెలుసు, పద్ధతీ తెలుసు. నేటి ఆడిటోరియంలో ముప్పావు గంటలో ముగిసే కథకు ఆ తెలివిడిని ముందుగా అందించేది పరిచయకర్తే.

మొదట చెప్పాల్సింది వేదిక మీద నిలబడే ముగ్గురి గురించి. నడుమ ఉండేవాడు కథకుడు. నిలువుటంగీ, తలపాగా, భుజాన తంబుర, కుడిచేతి బొటనవేలికి అందె, కాళ్లకు గజ్జెలు. అటూ ఇటూ గుమ్మెటలు వాయించేవాళ్లు వంతలు. వాళ్లను పక్కవాద్యగాళ్లనుకుంటే సగం కథ పోయినట్టే. సాధారణంగా కథకుడి కుడిపక్క వంత రాజకీయం మాట్లాడతాడు. కథ ఏ కాలంనాటిదైనా దాన్ని ఇవాళ్టి ధరలకూ ఎన్నికలకూ ముడిపెడతాడు. ఎడమపక్క వంత హాస్యగాడు. తెలియనట్టు అడ్డుప్రశ్న వేసి కథకుడి చేత విషయం విప్పి చెప్పిస్తాడు. కథకుడి కుడి ప్రేక్షకులకు ఎడమ అవుతుంది కాబట్టి, "మీకు ఎడమచేతి వైపు నిలబడే ఆయన" అని చెప్పడం మేలు. పాత్రలు అటూ ఇటూ మార్చుకునే దళాలు కూడా ఉండొచ్చు కనుక ఆ మాట ముందే అడిగి తెలుసుకోవాలి.

రెండోది, ఈ కళ నడిచివచ్చిన దారి. అందులో ఒక్క మలుపు చెబితే చాలు. వెనకటి జంగం కథల్లో కథకుడికి వంత పాడేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. 1940లలో ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని చేతిలోకి తీసుకుని కొత్త కథలకు వాడుకుంది. సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' రాశారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఊరూరా తిరిగి పల్నాటి యుద్ధాన్నీ బొబ్బిలి కథనూ బెంగాల్ కరువునూ చెప్పారు. దూదేకుల కుటుంబంలో పుట్టి, శాస్త్రీయ సంగీతం నేర్చుకుని, ఆ స్వరజ్ఞానాన్ని జానపద కథలోకి తెచ్చిన మనిషి ఆయన. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవితకథ పేరు 'పింజారి'. ఈ నాలుగు మాటలు విన్న ప్రేక్షకుడికి, వీరగాథ మధ్యలో వంత హఠాత్తుగా కందిపప్పు ధర ఎత్తుకుంటే అది దారి తప్పడం కాదనీ, ఎనభై ఏళ్లుగా వస్తున్న పద్ధతేననీ తెలుస్తుంది.

మూడోది కథ. ఇక్కడే పరిచయాలు ఎక్కువగా తప్పటడుగు వేస్తాయి: కొందరు కథంతా చెప్పేస్తారు, కొందరు పేరు మాత్రం చెప్పి దిగిపోతారు. ఉదాహరణకు దళం చెప్పబోయేది బొబ్బిలి యుద్ధం అనుకుందాం. సమయం తక్కువ కాబట్టి కథకుడు కోట ముట్టడి దగ్గర ఎత్తుకుంటాడు. పౌరుషం పొంగే చోట గుక్క తిప్పుకోకుండా పేర్లు దొర్లిపోతాయి. ఎవరు ఎవరి పక్షమో తెలియనివాళ్లకు అది వట్టి శబ్దమే. అందుకని పరిచయకర్త మనుషులను వాళ్ల వాళ్ల స్థానాల్లో నిలబెట్టి, సరిగ్గా కథ మొదలయ్యే గుమ్మం దగ్గర ఆగాలి. అది ఇలా ఉండొచ్చు:

"ఇది 1757 జనవరి నాటి సంగతి. బొబ్బిలికీ విజయనగరానికీ పాత పగ. విజయనగరం ప్రభువు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల దగ్గర ఫిరంగులున్నాయి. లోపల బొబ్బిలి రాజు రంగారావు, ఆయన రాణి మల్లమ్మదేవి ఉన్నారు. మల్లమ్మ అన్న తాండ్ర పాపారాయుడు మాత్రం కోటలో లేడు, రాజాంలో ఉన్నాడు. ఆ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. కథ ఇప్పుడు కోట గోడ దగ్గర మొదలవుతుంది."

దీన్ని నిదానంగా చదివినా నిమిషం పట్టదు. తేదీ ఒక్కటే, పేర్లు ఐదే. పాపారాయుడు ఏం చేశాడో ఇందులో లేదు. చాలామందికి తెలిసిన ముగింపే అయినా, దాన్ని చెప్పే హక్కు కథకుడిది. ఆయన రాజాంలో ఉన్నాడన్న మాట మాత్రం ముందే చెప్పకపోతే, కథలో వార్త ఆలస్యంగా అందే ఘట్టంలోని బాధ వినేవాళ్లకు అందదు.

చెప్పకూడనివీ కొన్ని ఉన్నాయి. బుర్రకథకు తనదైన పరిచయం ఉంది. దళం ముందు ప్రార్థన చేస్తుంది, తర్వాత కథకుడే తన పేరు, ఊరు, వంతల పేర్లు, చెప్పబోయే కథ సభకు విన్నవించుకుంటాడు. వంతల హాస్యం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. వ్యాఖ్యాత ఆ వివరాలన్నీ ముందే చదివేస్తే దళం అదే మాట రెండోసారి చెప్పాల్సి వస్తుంది, వంత వేసే చమత్కారం చప్పబడుతుంది. అందుకే కార్యక్రమానికి ముందు దళంతో కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగడం అవసరం: కథ ఎక్కడ ఎత్తుకుంటారు, ఎక్కడ ముగిస్తారు, మీ గురించి మీరే ఏం చెప్పుకుంటారు, నన్నేం చెప్పమంటారు? గురువు పేరు సాధారణంగా ఈ చివరి ప్రశ్నకు జవాబుగా వస్తుంది. ఆ పేరు పలికే తీరు కూడా అప్పుడే సరిచూసుకోవాలి.

ఇదే సమయంలో మైకుల సంగతీ తేలిపోవాలి. ఒక్క మైకు నడుమ పెడితే కథకుడి గొంతు ఒక్కటే మోగుతుంది. వంత వేసిన ప్రశ్న వినిపించదు, జవాబు మాత్రం వినిపిస్తుంది. ముందు వరుసలు నవ్వుతుంటే వెనక వరుసలు బిక్కమొహం వేస్తాయి. పైగా కథకుడు ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తూ చెబుతాడు కాబట్టి నిలువు మైకు ఆయన్ను కట్టిపడేస్తుంది. మెడకు తగిలించుకునే మైకు కథకుడికీ, చెరొక మైకు వంతలకూ ఉంటే ఈ చిక్కు తీరుతుంది.

ఆఖరి మాట ప్రేక్షకుల తీరు గురించి. సంగీత కచేరీలకు అలవాటైనవాళ్లు బుర్రకథనూ నిశ్శబ్దంగా వింటారు. దళానికి అది ఇబ్బంది. వంతలు "ఆహా", "ఓహో" అని అందుకునేటప్పుడు సభ కూడా కలవాలి, చమత్కారానికి గట్టిగా నవ్వాలి. "మధ్యలో చప్పట్లు కొట్టినా, నవ్వినా దళానికి అడ్డు కాదు, ఊపు" అని పరిచయకర్త ఒక్క వాక్యం అంటే హాలు సడలుతుంది. విదేశాల్లోని తెలుగు సంఘాల సభల్లో, తెలుగు అంతంతమాత్రంగా వచ్చే పిల్లలున్నప్పుడు, తందాన పల్లవిని దళం చేతే ఒకసారి అనిపించి పిల్లల చేత పలికించవచ్చు. అర్థంతో పనిలేని మాట కనుక వాళ్లూ వెంటనే అందుకుంటారు.

అదే దళం మర్నాడు అల్లూరి సీతారామరాజు కథ చెబితే పరిచయం మళ్లీ మొదటినుంచి రాసుకోవాలి. ఆ కథలో పక్షాలు ఎవరికైనా ఇట్టే తెలుస్తాయి, తెలియనిది చోటు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడులు జరిగాయి. మన్యంలో పోడు వ్యవసాయం మీద అడవి చట్టాలు పెట్టిన ఆంక్షలేమిటో, ఆ మూడు ఊళ్లూ ఏ కొండల నడుమ ఉన్నాయో రెండు ముక్కల్లో చెబితే, కథకుడు వరసగా స్టేషన్ల పేర్లు ఎత్తుకున్నప్పుడు ప్రేక్షకులు కూడా దారి పట్టుకుని ఆయన వెంట నడవగలుగుతారు.