స్క్రూ తిప్పక ముందు రాసిన అంకె

బాయిలర్ గదిలో ఆవిరి గొట్టానికి పక్కగా చేతిలో పట్టేంత ఇనుప డబ్బా ఒకటి బిగించి ఉంటుంది. అదే ప్రెషర్ ట్రాన్స్‌మిటర్. గొట్టంలో ఎంత ఒత్తిడి ఉందో దానికి తగ్గ కరెంటును తీగ వెంట కంట్రోల్ రూముకు పంపడం దాని పని. సున్నా నుంచి 10 కేజీల వరకు కొలిచే ట్రాన్స్‌మిటర్ అయితే సున్నా దగ్గర 4 మిల్లీఆంపియర్లు, 10 దగ్గర 20, నడిమధ్య 5 దగ్గర 12 పంపాలి. ఇక్కడ కేజీ అంటే చదరపు సెంటీమీటరుకు కిలో. ప్లాంటులో ఎవరూ అంత పొడుగ్గా అనరు, ఏడు కేజీల స్టీమ్ అంటే అందరికీ అర్థమవుతుంది. మొదలు సున్నా కాకుండా 4 కావడానికీ కారణం ఉంది. తీగ తెగితే కరెంటు సున్నా అవుతుంది కాబట్టి, ఒత్తిడి లేకపోవడం వేరు, తీగ తెగిపోవడం వేరు అని తెలుస్తుంది.

లోపల ఒత్తిడిని ముందుగా అందుకునేది పలుచటి లోహపు పొర. దాని వెనుక కొంచెం నూనె, ఆ వెనుక సెన్సర్. కంటికి కనిపించనంత కొద్దిపాటి కదలికను అది కొలుస్తుంది. ఏళ్ల తరబడి వేడికి, చలికి, అప్పుడప్పుడూ మోతాదు మించిన ఒత్తిడికి లోనై ఆ పొర, సెన్సర్, దాని వెంట ఉన్న ఎలక్ట్రానిక్స్ మెల్లగా మారతాయి. డబ్బా చెడిపోదు, అలారం మోగదు, అంకె మాత్రం కొద్దికొద్దిగా జరుగుతుంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు.

జీరో, స్పాన్ అనే రెండు మాటలకు మన పాత తక్కెడ మంచి ఉదాహరణ. రెండు తట్టలూ ఖాళీగా ఉన్నా ఒకటి కిందికి వాలితే దాన్ని పాసంగం అనేవారు. తూచే ప్రతిదానిలో అదే తేడా వస్తుంది. ట్రాన్స్‌మిటర్‌లో జీరో తప్పు అలాంటిదే: సున్నా దగ్గర ఎంత తేడా ఉందో పైదాకా అంతే తేడా. స్పాన్ తప్పు వేరు. రాయి అరిగిపోయి తక్కువ తూగితే కిలోకు కొంచెం, పది కిలోలకు పదింతలు పోతుంది కదా, అలా ఒత్తిడి పెరిగే కొద్దీ తేడా పెరుగుతుంది.

ఇప్పుడు ఒక ట్రాన్స్‌మిటర్‌నే తీసుకుందాం. పరిధి 0 నుంచి 10 కేజీలు. ఒప్పుకునే తేడా మొత్తం పరిధిలో అర శాతం, అంటే 0.05 కేజీ, కరెంటులో 0.08 మిల్లీఆంపియర్. కిందటి ఏడాది వదిలినప్పుడు 4.00, 12.00, 20.00 చూపినట్టు కార్డులో ఉంది. పని మొదలుపెట్టే ముందు కంట్రోల్ రూముకు చెప్పి లూపును మాన్యువల్‌లో పెట్టించాలి. ఇది మరిస్తే ట్రాన్స్‌మిటర్ విప్పగానే ఒత్తిడి సున్నా అయిందనుకుని కంట్రోలర్ బాయిలర్‌కు మంట పెంచేస్తుంది. తర్వాత ప్రాసెస్ వైపు వాల్వు మూసి, లోపల చిక్కిన ఒత్తిడిని వదిలి, చేతిపంపునూ ప్రామాణిక గేజినీ తగిలిస్తారు. ఆ గేజి మనం పరీక్షించే దానికంటే కనీసం నాలుగింతలు ఖచ్చితమైనది కావాలి. పంపు కొట్టాక అంకె నిలవకుండా పడిపోతుంటే ట్రాన్స్‌మిటర్‌ను అనుమానించే ముందు ఎక్కడ లీకవుతోందో చూడాలి. కావలసిన ఒత్తిడి దాటిపోతే అక్కడి నుంచే కొంచెం తగ్గించి రాసుకోకూడదు. బాగా కిందికి దిగి మళ్లీ ఎక్కి రావాలి, లేకపోతే ఎక్కేటప్పటి అంకె, దిగేటప్పటి అంకె కలిసిపోతాయి.

ఏ స్క్రూనూ ముట్టుకోకుండా తీసిన అంకెలు ఇవి: సున్నా దగ్గర 4.08, ఐదు కేజీల దగ్గర 12.12, పది దగ్గర 20.16. వీటినే యాజ్ ఫౌండ్ అంటారు, అంటే దొరికినప్పటి స్థితి. కింద 0.08 తేడా, పైన 0.16. ఇందులో 0.08 అన్ని చోట్లా ఉంది, అది జీరోది. మిగిలిన 0.08 పైకి వెళ్లే కొద్దీ వచ్చి చేరింది, అది స్పాన్‌ది. ముందు జీరో సరిచేస్తే 4.00, 12.04, 20.08 అవుతాయి. తర్వాత పది కేజీలు నిలిపి స్పాన్ సరిచేస్తే 20.00 వస్తుంది. పాత రకం డబ్బాల్లో స్పాన్ తిప్పితే జీరో కొంచెం కదులుతుంది కాబట్టి రెండు మూడు సార్లు అటూ ఇటూ చూసుకోవాలి. చివరికి నిలిచిన అంకెలు యాజ్ లెఫ్ట్, వదిలినప్పటి స్థితి.

చేతిలో కమ్యూనికేటర్ పట్టుకుని సరిచేసే కొత్త రకాల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. సెన్సర్‌ను ట్రిమ్ చేయకుండా, ఎంత ఒత్తిడికి 20 మిల్లీఆంపియర్లు పంపాలన్న లెక్కనే మార్చేస్తారు. కరెంటు సరిగ్గా 20.00 వస్తుంది, కానీ డబ్బా మీది తెర మాత్రం 10.10 కేజీలే చూపుతూ ఉంటుంది. కరెంటు, తెర రెండూ ఒకే మాట చెబుతున్నాయా అన్నది అందుకే చూసుకోవాలి.

మరో పొరపాటు ఆవిరి లైన్ల దగ్గరే ఎక్కువ. ట్రాన్స్‌మిటర్ గొట్టం కంటే 3 మీటర్లు కింద ఉందనుకోండి. మధ్య సన్నగొట్టంలో ఆవిరి చల్లబడి నీరై నిలుస్తుంది. ఆ నీటి బరువే 0.3 కేజీ. అది లెక్కలోకి రాకూడదని 0.3 దగ్గర 4 మిల్లీఆంపియర్లు వచ్చేలా ముందే పెట్టి ఉంచుతారు. పంపు తగిలించి సున్నా ఒత్తిడి ఇచ్చినప్పుడు అది 4 కంటే కిందికి పోతుంది, పోవాలి కూడా. సంగతి తెలియని కుర్రాడు అది తప్పనుకుని 4.00 చేసేస్తే, ఆ రోజు నుంచి కంట్రోల్ రూములో 0.3 కేజీ ఎక్కువ కనిపిస్తుంది. డ్రిఫ్ట్ ఎన్నేళ్లకూ చేయనంత తప్పు ఒక్క పూటలో జరిగిపోతుంది.

మన ట్రాన్స్‌మిటర్ దగ్గరికి తిరిగి వద్దాం. యాజ్ ఫౌండ్ అర శాతం గీత దాటింది కాబట్టి ఒక ప్రశ్న వస్తుంది: నిన్నటిదాకా ఈ అంకెను నమ్మి చేసిన పని సంగతేమిటి? ఏడు కేజీల దగ్గర ఇది 0.085 కేజీ ఎక్కువ చెబుతూ వచ్చింది. మామూలు ఆవిరి లైనులో అంటే అర డిగ్రీ లోపు తేడా, పట్టించుకోనక్కరలేదు. అంత తేడాయే 121 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులను చంపే స్టెరిలైజర్‌లో, ఒత్తిడిని చూసే నడుపుతున్నచోట వస్తే, ఆవిరి ఒక డిగ్రీకి పైగా చల్లగా ఉన్నట్టు. అప్పుడు పాత బ్యాచ్‌ల రికార్డులు తీసి మళ్లీ చూడాల్సిందే. ఈ సంగతి యాజ్ ఫౌండ్ తప్ప ఇంకేదీ చెప్పలేదు.

అందుకే నాకు కోపం తెప్పించే కార్డు ఒకటుంది. నేను చూసిన ఒక ప్లాంటులో ఒక ట్రాన్స్‌మిటర్‌కు నాలుగేళ్ల కార్డులు ఉన్నాయి. అన్నింటిలో 4.00, 12.00, 20.00, కింద ఓకే. ముందు స్క్రూ తిప్పి, ఆ తర్వాత అంకె రాశారు. యాజ్ ఫౌండ్ గడి ఖాళీగా ఉంటే తనిఖీలో అడుగుతారని అందులోనూ అవే అంకెలు ఎక్కించారు. అది ఏడాదికి ఎంత జరుగుతోందో ఇక ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే డ్రిఫ్ట్ అంటే ఈసారి దొరికిన అంకెలోంచి పోయినసారి వదిలిన అంకె తీసేయగా మిగిలేదే.

మన దానికి మాత్రం ఆ లెక్క ఉంది: ఏడాదిలో కింద 0.08, పైన 0.16. ఆరు నెలలకే మళ్లీ చూస్తే 4.04, 12.06, 20.08 దొరికాయి. సరిగ్గా సగం, అదే దిక్కున. అంటే ఇది ఒక్కసారి తగిలిన దెబ్బ కాదు, నిలకడైన జారుడు. ఆరు నెలలకు అది సరిగ్గా గీత దాకా వస్తోంది కాబట్టి గడువును నాలుగు నెలలకు తగ్గించి, మార్చడానికి కొత్త ట్రాన్స్‌మిటర్‌కు ఇండెంట్ రాశారు.